డిశ్చార్జి సమ్మరీలోని ‘సీక్వెలే’ అన్న మాట గురించి డాక్టరు గారికి ఉత్తరం

తేది: 12 నవంబరు 2025

విషయం: డిశ్చార్జి సమ్మరీలో రాసిన ఒక మాటకు అర్థం తెలుపవలసిందిగా విన్నపం

గౌరవనీయులైన డాక్టరు గారికి,

నమస్కారాలు. ఈ నెల 3వ తేదీ రాత్రి దగ్గులో నెత్తురు పడి మీ వార్డులో చేరి, 7వ తేదీ మధ్యాహ్నం ఇంటికి వచ్చిన పేషెంటును నేను. మూడవ అంతస్తులో కిటికీ పక్కనున్న పన్నెండవ బెడ్డు నాది. రౌండ్సుకు వచ్చినప్పుడు నా చేతిలో ఎర్ర పెన్సిలు చూసి, ఆసుపత్రిలో కూడా ప్రూఫులు దిద్దుతున్నారా అని మీరు నవ్వారు. ఆ విధంగానైనా నేను మీకు జ్ఞాపకం ఉంటానని అనుకుంటున్నాను.

మీ దయవల్ల ఇంటికి వచ్చిన తరువాత మళ్లీ నెత్తురు పడలేదు. ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు మీరు చెప్పిన అయిదు రోజులూ వేసుకున్నాను, యాంటీబయాటిక్ కోర్సు కూడా పూర్తవుతున్నది. ఇప్పుడు నన్ను బాధిస్తున్నది జబ్బు కాదు, సమ్మరీ మొదటి పేజీలో డయాగ్నోసిస్ అన్న గడిలో ఉన్న ఒక మాట. ఆ గడిలో ‘పోస్ట్ ట్యూబర్‌క్యులర్ సీక్వెలే’ అనీ, దాని కింద ‘రైట్ అప్పర్ లోబ్ ఫైబ్రోసిస్ విత్ ట్రాక్షన్ బ్రాంకియెక్టేసిస్’ అనీ, ఆ కింద ‘హీమాప్టిసిస్’ అనీ ఉన్నది. హీమాప్టిసిస్ అంటే దగ్గులో నెత్తురు పడడమని ఆసుపత్రిలో ఉండగానే నర్సమ్మ చెప్పింది. ఫైబ్రోసిస్ సంగతి మీరే చెప్పారు. సీక్వెలే అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు; నేనూ ఆ రోజు అడగలేదు. బిల్లు, మందుల సంచీ, లిఫ్టు దగ్గర తోపులాట, వీటి మధ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాడిని, నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితం బహుశా అదొక్కటే.

ఇంట్లో ఈ మాట ఎంత పని చేసిందో చెబితే తప్ప, ఇంత చిన్న విషయానికి ఉత్తరమెందుకు రాస్తున్నానో మీకు బోధపడదు. మా అబ్బాయి కాగితం చూసి, సీక్వెల్ అంటే సినిమాలో రెండో భాగం కదా నాన్నా, అన్నాడు. వాడు వేళాకోళంగానే అన్నాడు గానీ, వాళ్లమ్మ అలా తీసుకోలేదు. 2017లో నాకు క్షయ వచ్చి ఆరు నెలలు మందులు వాడిన సంగతి మీ కేస్‌షీటులో ఉన్నది. అప్పట్లో కొన్నాళ్లు నా మంచినీళ్ల గ్లాసు వేరుగా ఉండేది, అంచు మీద చిన్న సొట్ట ఉన్న స్టీలు గ్లాసు. మొన్న ఉదయం మాత్ర వేసుకోబోతే నా ముందుకు వచ్చింది ఆ సొట్ట గ్లాసే. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, నేనూ అడగలేదు. ఈ నెలాఖరుకు నాలుగు నెలల పసివాణ్ణి తీసుకుని రావలసిన మా అమ్మాయి కూడా, రివ్యూ అయ్యాక చూద్దాంలే అని ప్రయాణం వాయిదా వేసుకున్నది. వాళ్లను తప్పు పట్టడానికి నా దగ్గర ఆధారం లేదు, ఎందుకంటే ఆ మాట అర్థం నాకే తెలియదు.

నిఘంటువు చూడకుండా మీకు రాయడం లేదు. ‘వెంబడించడం’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఈ మాట పుట్టిందనీ, ఒక జబ్బు గాని గాయం గాని తగ్గిన తరువాత దాని కారణంగా శరీరంలో ఏర్పడి ఉండే స్థితిని సీక్వెలా అంటారనీ, సీక్వెలే దానికి బహువచనమనీ అందులో ఉన్నది. సీక్వెన్సు, సీక్వెల్ అన్న మాటలు కూడా ఆ కుటుంబానివే కాబట్టి మా అబ్బాయి పూర్తిగా తప్పు చెప్పలేదు. నిఘంటువుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది మాట అర్థం చెబుతుంది గానీ, నా కాగితం మీద మీరు ఆ మాటను ఏ ఉద్దేశంతో వాడారో చెప్పదు.

తెలుగులో ఈ మాటకు ఏది సరిపోతుందని ఆలోచిస్తే నాకు రెండు మాటలు తోచాయి, ఆ రెంటికీ మధ్యనే నా భయమంతా ఉన్నది. ఒకటి ‘శేషం’, రెండవది ‘మచ్చ’. అప్పులోనూ నిప్పులోనూ రోగంలోనూ శేషం మిగల్చకూడదని పెద్దలు అంటారు. మిగిలినది కొంచెమే అయినా మళ్లీ పెరుగుతుందని దాని భావం. మచ్చ అలా కాదు. పుండు మానితేనే మచ్చ పడుతుంది. అది చర్మాన్ని బిగలాగవచ్చు, ఎప్పటికీ పోకపోవచ్చు, అయినా పుండు కాదు. మీరు రాసిన సీక్వెలే శేషమా, మచ్చా? డాక్టరు గారూ, ఈ ఉత్తరంలో నేను అడుగుతున్న అసలు ప్రశ్న ఇదే.

మచ్చ అనే నమ్మడానికి నాకు కొన్ని కారణాలు కనిపిస్తున్నాయి. 5వ తేదీన మీరు సీటీ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, కుడి ఊపిరితిత్తి పై భాగంలో దారాల్లా ఉన్న తెల్లని గీతలను, వాటి పక్కన వెడల్పైన గొట్టాలను వేలితో చూపించారు. చిరిగిన గుడ్డను దగ్గరకు లాగి కుట్టినప్పుడు చుట్టుపక్కల బట్ట ముడతలు పడినట్లు, పాత గాయం మానుతూ బిగుసుకుని పక్కనున్న గాలి గొట్టాలను లాగి వెడల్పు చేసిందని మీ మాటల వల్ల నాకు అర్థమైంది. అలా సాగిన గొట్టాల్లో కఫం నిలిచి, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు నెత్తురు పడవచ్చని కూడా మీరు అన్నారు. నాకు దగ్గు వచ్చి పక్కకు తిరగడంతో ఆ తరువాతి మాటలు సరిగా వినలేదు. సమ్మరీ రెండో పేజీలో, కఫంలో టీబీ క్రిములు మైక్రోస్కోపులో కనపడలేదనీ, సీబీనాట్ పరీక్షలో కూడా లేవనీ ఉన్నది. ఇన్స్యూరెన్సు కాగితాల కోసం వెళ్లినప్పుడు డెస్కు దగ్గరి ఉద్యోగి, డయాగ్నోసిస్ పక్కన వేసిన B90.9 అన్న కోడును చూపించి, టీబీ జబ్బుకే అయితే A15 నుంచి A19 వరకు ఉన్న కోడ్లలో ఒకటి పడుతుందనీ, ఇది సీక్వెలేకు వేరే కోడు అనీ ఓపికగా చెప్పాడు. వైద్యులు కాని ఒక గుమాస్తా మాట మీద నాకు ఆ పూట కాస్త నిద్ర పట్టిందంటే మీరు మరోలా అనుకోవద్దు.

అయితే శేషమేమో అని శంకించడానికి కూడా అదే కాగితంలో ఒక కారణం ఉన్నది. రెండో పేజీ చివర ‘ఏఎఫ్‌బీ కల్చర్: రిపోర్ట్ అవెయిటెడ్’ అని రాసి ఉన్నది. క్రిములు పెరుగుతాయేమో చూడడానికి ఆరు వారాల దాకా పట్టవచ్చని ల్యాబులో చెప్పారు. జబ్బు లేదని తేలిపోతే కల్చరు ఎందుకు పెట్టినట్లు? వెనుకటి జబ్బు ఉన్నవారి విషయంలో జాగ్రత్త కోసం పెట్టే పరీక్షేనా, లేక మీకే ఏదైనా సందేహం మిగిలి ఉన్నదా? సందేహం ఉంటే నాకు చెప్పడానికి మొహమాటపడవద్దు. 2017లో మూత్రం నారింజ రంగులో వస్తున్నా భయపడకుండా ఆరు నెలల్లో ఒక్క మోతాదు కూడా తప్పకుండా మందులు మింగినవాడిని. మళ్లీ మింగమంటే మింగుతాను. మీరు టీబీ మందులు రాయకపోవడానికి కారణం అవి అక్కరలేకపోవడమా, కల్చరు కోసం ఆగడమా అన్నది తెలిస్తే చాలు.

దీనికి అనుబంధంగా ఇంకొన్ని సందేహాలు ఉన్నాయి. కల్చరు వచ్చేదాకా పసివాణ్ణి ఎత్తుకోవచ్చునా? నా గ్లాసు నలుగురి గ్లాసులతో కలపవచ్చునా? ఇవి మీకు చిన్న ప్రశ్నలుగా తోచవచ్చు, మా ఇంట్లో ఇప్పుడు ఇంతకంటే పెద్దవి లేవు. బహువచనం వాడారు కాబట్టి నాలో ఉన్నవి ఎన్ని? ఫైబ్రోసిస్, బ్రాంకియెక్టేసిస్, ఈ రెండేనా, లేక కాగితం మీద పేరు రాయనివి ఇంకేవైనా ఉన్నాయా? ఇవి ఉన్నచోటనే ఉండిపోతాయా, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయా? నెత్తురు మళ్లీ పడితే ఎంత పడినప్పుడు మాత్రతో సరిపెట్టుకోవాలి, ఎంత పడితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తాలి? ఈ చివరి ప్రశ్నకు జవాబు మా ఆవిడకు కూడా అర్థమయ్యేలా, చెంచాడు, గ్లాసెడు అని ఇంటి కొలతల్లో చెబితే మేలు.

ఒక చిన్న కోరిక కూడా ఉన్నది. ఈ సమ్మరీని రేపు నేను ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా, ఏ ఆఫీసులో ఇచ్చినా, వాళ్ల కళ్లు మొదట పడేది ట్యూబర్‌క్యులర్ అన్న మాట మీదే. దాని ముందున్న ‘పోస్ట్’, దాని వెనుక ఉన్న సీక్వెలే కంటికి ఆనవు. ప్రూఫులు దిద్దేవాడికి ఇది కొత్త సంగతి కాదు. పాఠకుడు వాక్యంలో పెద్ద మాటను పట్టుకుని చిన్నవాటిని వదిలేస్తాడు. కాబట్టి మీ వైద్య నిర్ణయం ప్రకారం అది నిజమైన పక్షంలో, ‘ప్రస్తుతం క్రియాశీలమైన క్షయ లేదు, ఇవి పాత జబ్బు మిగిల్చిన మచ్చలు’ అని అర్థం వచ్చే ఒక్క వాక్యం ఆ గడిలోనే చేర్చి సంతకం చేయగలరా? అది నిజం కాకపోతే నా కోరికను పక్కన పెట్టండి, ఉన్నది ఉన్నట్లు రాయండి.

రివ్యూ తేదీ 28 అని తెలుసు. అప్పటిదాకా ఆగవచ్చు గానీ, అమ్మాయి ప్రయాణం అంతకు ముందే తేలాలి. మీ వీలును బట్టి రెండు మూడు వాక్యాల్లో జవాబు రాసినా సంతోషం. సమ్మరీ మొదటి పేజీ నకలు జతచేస్తున్నాను, ఆ మాట కింద పెన్సిలుతో గీత గీశాను. నా చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు కూడా లోపలే ఉన్నది.

కృతజ్ఞతలతో,

మీ విధేయుడు,
పన్నెండవ బెడ్డు పేషెంటు

తా.క. ఈ ఉత్తరం రాస్తూ బీరువా వెతికితే 2017లో మందులు ఆపిన రోజున తీసిన ఎక్స్‌రే దొరికింది. కవరు మీద అప్పటి డాక్టరు గారు ‘ఓల్డ్ కాక్స్’ అని రాశారు. 1882లో క్షయ క్రిమిని కనుగొన్న కాక్ గారి పేరే టీబీకి మారుపేరుగా వాడతారని అప్పుడే తెలుసుకున్నాను గనుక ఆ మాటకు భయపడలేదు. కుడివైపు పైన తెల్లని గీతలు అందులోనూ కనిపిస్తున్నాయి. ఇప్పటివాటితో పోలిస్తే పెరిగాయో లేదో నా కంటికి తెలియడం లేదు. 28న తీసుకురమ్మంటారా, ముందుగానే మనిషితో పంపమంటారా?