తమ్ముడికి ఎంసెట్ రివిజన్ క్యాలెండర్, 28 రోజులు

ఒరే చిన్నోడా, నిన్న నువ్వు పంపిన మాక్ మార్కులు ముందర పెట్టుకుని రాత్రి కూర్చుని రాసినా ఇది, మంచం పక్కన గోడకి అంటించుకో. పేపర్ 160 మార్కులు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నీకు వచ్చినవి 38, 14, 27. అంటే పోయినవి మ్యాథ్స్‌లో 42, ఫిజిక్స్‌లో 26, కెమిస్ట్రీలో 13. నువ్వేమో రోజూ కెమిస్ట్రీ పుస్తకమే పట్టుకుంటాండావు, అది నీకు వచ్చు కాబట్టి హాయిగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మార్కులు పోయేది అక్కడ కాదురా. అందుకే పోయిన మార్కుల లెక్కనే రోజుకి 8 గంటలు పంచినా.

పొద్దున 6 నుంచి 10 మ్యాథ్స్, 11 నుంచి ఒకటిన్నర ఫిజిక్స్. మధ్యాహ్నం మన తిరుపతి ఎండలో మేడ మీద గదిలో కూర్చుంటే తల పని చెయ్యదు, పడుకో. సాయంత్రం 5 నుంచి ఆరున్నర కెమిస్ట్రీ, అంతే.

1 నుంచి 6: ఇంటిగ్రేషన్ నాలుగు రోజులు, వెక్టర్స్ రెండు. ఫిజిక్స్‌లో కరెంట్ ఎలక్ట్రిసిటీ, రొటేషనల్ మోషన్. ఈ రెండూ నువ్వు చూడకుండా వదిలేసినవే, ముందు అవే. కెమిస్ట్రీ పి-బ్లాక్.

7: 9 నుంచి 12 మాక్, కంప్యూటర్ మీదే రాయి, అసలు పరీక్ష అట్లానే కదా. సాయంత్రం కొత్తది ఏమీ చదవద్దు, తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ‘తెలీలేదు’, ‘కన్ఫ్యూజ్ అయినా’, ‘టైం చాల్లేదు’ అని ఏదో ఒకటి రాయి.

8 నుంచి 13: సర్కిల్స్, పారాబోలా, త్రీడీ. ఫిజిక్స్ ఎలక్ట్రోస్టాటిక్స్, రే ఆప్టిక్స్. కెమిస్ట్రీ ఆర్గానిక్ రియాక్షన్స్. 9న అరగంట ఇంటిగ్రేషన్ మళ్ళీ చెయ్యి, లేకపోతే చేసిందంతా పోతుంది.

14: మాక్. ఇక్కడ తీసివేత లెక్క మళ్ళీ వెయ్యి, ఫిజిక్స్ 22 దాటిందా, దాంట్లోంచి అరగంట తీసి మ్యాథ్స్‌కి ఇచ్చెయ్. దాటకపోతే ముట్టుకోవద్దు.

15 నుంచి 20: ట్రిగనామెట్రీ, కాంప్లెక్స్ నంబర్స్, ప్రాబబిలిటీ. ఫిజిక్స్ థర్మోడైనమిక్స్, ఎస్‌హెచ్‌ఎం. కెమిస్ట్రీ ఫిజికల్ లెక్కలు. ఒక చాప్టర్ మిగిలిపోతే మిగిలిపోనీ, మర్నాటికి మొయ్యద్దు, 21 సాయంత్రం ఖాళీగా ఉంచినా దానికే. 21 పొద్దున మాక్.

22, 24, 26 మాక్‌లు, మధ్య రోజుల్లో ‘తెలీలేదు’ అని రాసుకున్నవే చూడు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలద్దు, చివరి ఐదు నిమిషాలు దానికే అలవాటు చేసుకో.

27: ఫార్ములా నోట్సు. 28: హాల్ టికెట్ సర్దుకుని తొమ్మిదికంతా పడుకో, అమ్మకి నేను చెప్పి ఉండా, టీవీ పెట్టదు.