వందన సమర్పణ

సభకు నమస్కారం.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జయంతి నాడే, ఆగస్టు 29నే, ఈ సదస్సు జరపాలన్న మా కోరికను వెంటనే మన్నించి, ఉదయం నుంచీ మాతోనే కూర్చున్న అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి కృతజ్ఞతలు.

పర్లాకిమిడి నుంచి శ్రమకోర్చి వచ్చిన ముఖ్యవక్త గారూ! పంతులు గారు సవరల భాష పట్టుదలగా నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చిన తీరు మీరు చెబుతుంటే పిల్లలు రాసుకోవడం కూడా మరిచిపోయి విన్నారు. ఆ వెంటనే సవర పాట పాడిన మా విద్యార్థిని వాళ్లమ్మగారికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. ఈ సదస్సుకు నిండుదనం ఆమెతోనే వచ్చింది.

పత్రాలు సమర్పించిన అధ్యాపకులకు, తెల్లవారుజామునే వచ్చి మైకూ వంటా చూసుకున్న సిబ్బందికి, వాలంటీర్లకు, చివరిదాకా ఉన్న మీకందరికీ ధన్యవాదాలు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, దయచేసి అందరూ భోంచేసి వెళ్లండి.