పిహెచ్.డి. దరఖాస్తుకు జతపరుస్తున్న వివరణ: నెట్ మార్కుల గురించి

తెలుగు శాఖాధ్యక్షులకు, ప్రవేశాల సంఘ సభ్యులకు నమస్కారాలు.

యుజిసి నెట్‌లో నాకు 300కి 160 మార్కులు వచ్చాయి. పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హత దక్కింది, జేఆర్‌ఎఫ్ రాలేదు. మొదటి పేపర్‌లో 100కి 36, రెండో పేపర్ తెలుగులో 200కి 124. మొదటిది చూడగానే మీకు సందేహం కలుగుతుంది కనుక కారణం చెబుతున్నాను.

డిగ్రీ దాకా నా చదువంతా తెలుగు మాధ్యమం. లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. మొదటి పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. పాఠం చదివి జవాబులు గుర్తించే భాగంలోనే చాలాసేపు ఉండిపోయాను. పట్టికలు, తర్కం ప్రశ్నలకు వచ్చేసరికి తొందర పడక తప్పలేదు. అయితే మాధ్యమం మీదే అంతా తోసేయను. ఇదే మాధ్యమంలో చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవారు నా తరగతిలోనే ఉన్నారు. ఇంగ్లీషు వేగంగా చదవలేను, నిదానంగా చదివితే అర్థమవుతుంది. నా ఎం.ఏ. సిద్ధాంత వ్యాసంలోని ఉపయుక్త గ్రంథాల్లో సగం ఇంగ్లీషువే.

ఆ వ్యాసాన్నే (అనుబంధం 2) ముందుగా చూడమని మనవి. పొందూరు ఖాదీ పనివారి మాటలు దాని విషయం. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేయడం మొదలు ఏకులు, రాట్నం, పడుగు, పేకల దాకా, పద్నాలుగు మంది పనివారి నోట విన్న 412 మాటలను రికార్డు చేసి రాసుకున్నాను. వడికేవారిలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లు. వాళ్లు పని ఆపి మాట్లాడరు, పక్కన కూర్చుని పని చేస్తేనే మాట బయటికొస్తుంది. ప్రతి మాటనూ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం చేనేత సంపుటంతో (1971) పోల్చి, ఆధారం దొరికినవీ దొరకనివీ విడదీశాను. ఎవరు ఏ మాట వాడారో చూపే పట్టిక 41వ పుటలో ఉంది. పరీక్షలో పట్టికల ముందు తడబడ్డ మనిషే దాన్ని తయారుచేసింది.

ఎం.ఏ.లో భాషాశాస్త్రం పేపర్‌కు 100కి 81 వచ్చాయి (అనుబంధం 1). నాతో పొందూరు వచ్చి నా పని స్వయంగా చూసిన పర్యవేక్షకుల లేఖ అనుబంధం 3.

ప్రవేశంలో నెట్‌కు 70, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ 70లో నేను వెనకబడే ఉంటానని తెలుసు, అక్కడ సడలింపు కోరడం లేదు. మిగిలిన 30 నిర్ణయించే ముందు ఆ వ్యాసంలో కనీసం ఒక అధ్యాయం చదవమనీ, ప్రశ్నలు దాని మీద కూడా అడగమనీ ప్రార్థన. ఇంటర్వ్యూకు రికార్డింగులు, క్షేత్ర పుస్తకాలు తీసుకొస్తాను. ఏ మాట ఎవరు, ఏ పని చేస్తూ అన్నారో అడిగిన చోట తెరిచి చూపగలను.

ఇట్లు,
విధేయురాలు,
పిహెచ్.డి. (తెలుగు) దరఖాస్తుదారు
శ్రీకాకుళం