ఇల్లు విడిచి వెళ్లడం గురించి మీరు అడిగిన ప్రశ్నకు టారో ఫలితం

అమ్మా,

పూణెలో ఉద్యోగానికి వెళుతున్న ఆయనతో పాటు మీరూ పెదవాల్తేరు ఇల్లు విడిచి వెళ్లాలా అన్న ప్రశ్నకు మూడు కార్డులు తీశాను. ఇంటి స్థానంలో టెన్ ఆఫ్ పెంటకిల్స్, ఆయన స్థానంలో నైట్ ఆఫ్ కప్స్, నడుమ మీ స్థానంలో టూ ఆఫ్ వాండ్స్ వచ్చాయి. మూడూ నిటారుగానే పడ్డాయి.

ముందుగా మీ కార్డు. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మలో, కోటగోడ వెనుక నిలబడిన మనిషి చేతిలో చిన్న భూగోళం పట్టుకుని సముద్రం వైపు చూస్తుంటాడు. ఒక కర్ర అతని చేతిలో ఉంది, రెండోది గోడకున్న కొక్కేనికి బిగించి ఉంది. భూగోళం కనబడగానే ప్రయాణయోగం అనేసేవారున్నారు గాని, నా చూపు మాత్రం ఆ కొక్కెం దగ్గరే ఆగుతుంది. ఈ మనిషి ఇంకా ఒక్క అడుగూ వేయలేదు. ఓడలు కనిపించేది ఆ తర్వాతి కార్డులోనే. బీచ్ రోడ్డు నుంచి చూస్తే, బెర్తు కోసం లంగరు వేసుకుని నిలిచిన ఓడలు మీకు రోజూ కనబడుతూనే ఉంటాయి కదా, మీ స్థితీ ప్రస్తుతం అదే.

గోడకు బిగించిన ఆ కర్ర మీ నాన్నగారని మీరు అనుకోవచ్చు. నేనలా అనుకోవడం లేదు. ఆయన పక్కనున్న ఇంటి కార్డులో, కమాను దగ్గర కుక్కలతో కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయనగా ఉన్నారు. అది కలిగిన ఇల్లు, మీరు దూరమైనంత మాత్రాన కూలిపోయేది కాదు. బిగించినది మీ డాబా మీద సాయంత్రాలు పద్నాలుగు మంది పిల్లలకు మీరు చెప్పే కూచిపూడి పాఠం. దాన్ని గోడ నుంచి ఊడదీసి తీసుకెళ్లగలరా అన్నదే ఈ కార్డు అడుగుతున్న ప్రశ్న.

మీ కార్డుకు గోల్డెన్ డాన్ అనే పాశ్చాత్య మార్మిక సంఘపు సంప్రదాయంలో మేషంలోని కుజుణ్ణి చెబుతారు, అంటే స్వక్షేత్రంలో ఉన్న కుజుడు. ఒకరి వెనుక నడవడం కుజుడి స్వభావం కాదు. నైట్ ఆఫ్ కప్స్ ప్రేమగా గిన్నె అందిస్తున్నాడు, ఆ ప్రేమను నేను శంకించను. అయితే గుర్రం నెమ్మదిగా నడుస్తోంది, ఎదుట ఏరు ఇంకా దాటలేదు. అక్కడ మీకు పని ఎక్కడ దొరుకుతుందో, ఇంటి అద్దె ఎవరు కడతారో ఆయన ఇంకా ఆలోచించి ఉండరని నాకనిపిస్తోంది.

కనుక నేను "వెళ్లండి" అనను, "వద్దు" అనీ అనను. పదిహేను రోజులకు రానుపోను టికెట్టు తీసుకోండి, ఆయన గదిలో కూర్చోకుండా అక్కడి నాట్య పాఠశాలలు చూసి రండి. తిరిగి వచ్చాక, ఆయన పేరు ఎత్తకుండా మీరు పూణె వెళ్లడానికి ఒక్క కారణమైనా చెప్పగలిగితే నాకు ఫోను చేయండి, అప్పుడు నాలుగో కార్డు తీద్దాం.