వారపు ప్రోగ్రెస్ రిపోర్ట్: పచ్చళ్ల ఆన్‌లైన్ స్టోర్, నవంబర్ 3–8, 2025

పద్మగారూ, నమస్తే. ఈ వారం పని వివరాలు రాస్తున్నాను. మొత్తం 31 గంటలు పట్టింది, రోజువారీ లెక్క షీట్‌లో ఉంది.

పూర్తయినవి

ముందుగా సోమవారం నాటి తప్పు గురించి. ఆ రోజు మీ డాలస్ టైమ్ సాయంత్రం 4కీ 5కీ మధ్య వచ్చిన 11 ఆర్డర్లకు "రేపు పంపుతాం" అని చూపించింది. నిజానికి 5 వరకూ వచ్చినవి అదే రోజు వెళ్లాలి. నవంబర్ 2న మీ దగ్గర గడియారాలు గంట వెనక్కి జరిగాయి. కోడ్‌లో నేను టైమ్ తేడాను `-05:00` అని ఖాయంగా రాసేశాను. మనకిక్కడ గడియారం మార్చే అలవాటు లేక ఆ ఆలోచనే రాలేదు. తప్పు నాదే, క్షమించండి. మంగళవారం మీ మెసేజ్ చూడగానే మార్చేశాను:

```
timezone: "America/Chicago"
```

ఇకపై మార్పు దానంతటదే జరుగుతుంది. మళ్లీ గంట ముందుకు జరిగే 2026 మార్చి 8 తేదీ పెట్టి కూడా టెస్ట్ చేశాను, సరిగ్గానే వస్తోంది. దీన్ని సరిచేయడానికి పట్టిన 3 గంటలూ బిల్లులో వేయలేదు.

ఇన్‌వాయిస్‌లో తెలుగు పేర్లు కూడా బాగయ్యాయి. "అల్లం పచ్చడి" అన్నచోట ఒత్తులు కిందికి రాక "అల్‌లం పచ్‌చడి" అని పడుతోంది కదా. పాత పీడీఎఫ్ లైబ్రరీకి ఒత్తులు కూర్చడం రాదు. ఇప్పుడు బ్రౌజర్ ద్వారానే పీడీఎఫ్ తీస్తున్నాను. శాంపిల్ జతచేశాను, ఒకసారి ప్రింట్ తీసి చూడండి.

నడుస్తున్నవి

ఒకే పేమెంట్‌కి రెండు ఆర్డర్లు పడే సమస్యను సరిచేసే పని సగానికి పైగా అయింది. పేమెంట్ గేట్‌వేకి మన సర్వర్ నుంచి వెంటనే జవాబు వెళ్లకపోతే అదే సమాచారాన్ని మళ్లీ పంపుతుంది. మనం కస్టమర్‌కి మెయిల్ పంపాక జవాబిస్తున్నాం, ఆలస్యం అక్కడే. ఇకపై జవాబు ముందు, మెయిల్ తర్వాత. ఒకసారి వచ్చిన పేమెంట్ నంబర్ మళ్లీ వస్తే సైట్ కొత్త ఆర్డర్ తీసుకోదు. బుధవారానికి పూర్తవుతుంది. అప్పటిదాకా ఒకే పేరు మీద రెండు ఆర్డర్లు కనిపిస్తే ప్యాక్ చేసేముందు నాకు చెప్పండి.

మొబైల్‌లో ఫొటోలు త్వరగా తెరుచుకునే పని ఇంకా మొదట్లోనే ఉంది.

వచ్చే వారం

బరువును బట్టి షిప్పింగ్ చార్జీ, తర్వాత థ్యాంక్స్‌గివింగ్ కాంబో ప్యాక్ పేజీ. పండగ 27న కాబట్టి 21కల్లా పేజీ లైవ్‌లో ఉండాలి. 24 నుంచి 30 వరకు సైట్‌లో కొత్త మార్పులేవీ వద్దని నా అభిప్రాయం, ఆర్డర్లు ఎక్కువగా వచ్చే రోజుల్లో ప్రయోగాలు మంచిది కాదు.

మీ నుంచి మంగళవారంలోగా రెండు కావాలి: అరకిలో, కిలో, రెండు కిలోల షిప్పింగ్ రేట్లు, కాంబోలో ఏయే పచ్చళ్లో జాబితా. రేట్లు రాకపోతే ఆ పని మొదలుపెట్టలేను.

ఆదివారం కాల్ మీకు ఎప్పటిలాగే రాత్రి 8:30కే. నాకు ఇప్పుడది సోమవారం ఉదయం 8 అవుతుంది, ఇబ్బందేమీ లేదు.

ఉంటానండి,
శ్రీకాంత్
విజయవాడ