‘గేటు తెరవలే’ లిరిక్ వీడియో: అక్షరాల ప్లాన్

తమ్ముడూ, ఫైనల్ మిక్స్ నిన్న రాత్రి వచ్చింది. పాట 2 నిమిషాల 40 సెకన్లు, 96 బీపీఎం, నాలుగు బీట్ల తాళం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రాజెక్ట్ సెకనుకు 24 ఫ్రేముల్లోనే పెట్టు. అప్పుడు ఒక బీట్ సరిగ్గా 15 ఫ్రేములు, ఒక బార్ 60. ఇరవయ్యైదు పెడితే బీట్ 15.625 అవుతుంది, పాట సగానికి వచ్చేసరికి చేత్తో సర్దుకుంటా కూర్చోవాల. సైజు 1920×1080. రీల్ కోసం నిలువు కట్ తర్వాత చేద్దాం.

పాట సంగతి నీకు తెలిసిందే. బెంగుళూరా మామిడికాయ ట్రాక్టరుకెత్తుకుని, పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందర రాత్రంతా క్యూలో కూర్చున్న నాయన కథ. కిందటి సీజన్‌లో బంగారుపాళ్యం దారిలో ఒక ఫ్యాక్టరీ ముందర మా మేనమామతో నేనూ ఒక రాత్రి కూర్చున్నా. అక్కడ ఏమీ జరగదు. ఇంజన్ ఆపుతారు, బీడీ ముట్టిస్తారు, ముందరి బండి కదిలిందేమో అని తల ఎత్తుతారు. అందుకే ఈ వీడియోకి ఒకటే రూలు: 2:30 దాకా ఏ మాటా అడ్డంగా కదలకూడదు. ఎగిరొచ్చే మాటలు, గిరగిరా తిరిగే మాటలు, కెమెరా జూమ్‌లు వద్దే వద్దు. ఉన్న చోటే వెలగాల, ఆరాల, బరువెక్కాల, మెత్తబడాల.

ఫాంటు: అనేక్ తెలుగు వేరియబుల్. పాటంతా ఇదొక్కటే. మందం, వెడల్పు రెండూ మారతాయి కాబట్టి మనకు కావలసిన ఆట దీంట్లోనే ఉంది. సాహిత్యం నాకు అను ఫాంటులో వచ్చింది, తెరిస్తే పిచ్చి గీతలు. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చూసి పంపిస్తున్నా. నువ్వు మళ్లీ టైపు చేయొద్దు, కాపీ చేసుకో.

ఒక్కో క్యారెక్టరుగా యానిమేట్ చేసే ప్రీసెట్లు ముట్టుకోవద్దు. ‘తెల్లారలే’లో ముందు ల వచ్చి, ఒత్తు తర్వాత ఎగిరొచ్చి అతుక్కుంటే చూసేవాడికి అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. తె, ల్లా, ర, లే అని నాలుగు అక్షరాలుగా విడగొట్టి, షేపులుగా మార్చి, ఒక్కో అక్షరాన్నీ గ్రూపు చెయ్. పంక్తుల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచు, లేదంటే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది.

రంగులు: రాత్రి #12161C. గేటు దీపం #E8A13A. ట్రాక్టరు ఎరుపు #A8321F, అదీ ఒక్క ‘నాయన’ అనే మాటకే. కాయ రంగు #7E8F2E. మామిడి అంటే పసుపు అనుకుంటారు గానీ, ఫ్యాక్టరీకి పోయే కాయ ఆకుపచ్చగానే ఉంటుంది. పండు పసుపు ఎక్కడా వాడొద్దు.

0:00–0:10 ఉత్త చీకటి. కీచురాళ్లు, ఇంజన్ చప్పుడు. కుడివైపు మూలలో దీపం మరక ఒకటి. 0:06కి పాట పేరు, చిన్నగా. ఇంజన్ ఆగే దాకా పేరు ఉన్న చోటే పైకీ కిందికీ వణకాల, పొజిషన్ మీద ఈ ఎక్స్‌ప్రెషన్ వెయ్:

```
posterizeTime(12);
time < 8.5 ? [value[0], wiggle(6, 1.5)[1]] : value
```

ఇంజన్ 0:08.5కి ఆగుతుంది. వణుకు కూడా అక్కడే ఆగాల.

0:10–0:30, పల్లవి. ఒక్కో పంక్తి రెండు బార్లు, అంటే 5 సెకన్లు. ప్రతి మాటా గొంతు కంటే 3 ఫ్రేములు ముందే తెర మీదికి రావాల, లేకపోతే వెనకబడినట్టు ఉంటుంది.

0:10 *తెల్లారలే, ఇంకా తెల్లారలే*. బూడిద రంగు, పల్చని మందం. రెండో ‘తెల్లారలే’ ఇంకొంచెం మసక.

0:15 *గేటు తెరవలే సామీ, గేటు తెరవలే*. ‘గేటు’ బాగా వెడల్పు, 800 మందం, దీపం రంగు. తెరలో సగం అదే తినెయ్యాల. ‘సామీ’ దాని పక్కన చిన్న పిలగాడిలా.

0:20 *ముందర నూరు బండ్లు, ఎనక నూరు బండ్లు*. ‘బండ్లు’ అనే మాటే వరసగా అటూ ఇటూ, ఫ్రేము అంచుల్లో సగం కోసుకుపోయి. బీటుకొకటి, హెడ్‌లైటు వేసినట్టు టక్కున వెలగాల. జరగకూడదు.

0:25 *నడుమ మా నాయన కునుకు తీయలే*. ‘కునుకు’ మీద పైనుంచి మాస్కు, కనురెప్పలా సగం దాకా 40 ఫ్రేముల్లో దిగుతుంది. ‘తీయలే’ దగ్గర 2 ఫ్రేముల్లో తెరుచుకోవాల. క్యూలో తల వాలి, ఉలిక్కిపడి లేచేవాడిని చూసుంటావు కదా, అంతే.

0:30–0:50 మొదటి రెండు పంక్తులు మళ్లీ, తర్వాత పలకల బిట్టు. దీపం మాత్రం దెబ్బదెబ్బకీ కొంచెం తగ్గాల.

0:50–1:20, మొదటి చరణం

0:50 *కాయ దించిన నాడు రాయిలా ఉండె*
0:55 *గేటు కాడికొచ్చేసరికి మెత్తబడె*
1:00 *కాయే అనుకుంటి, కాదే అమ్మా*
1:05 *నాయన గొంతు కూడా మెత్తబడె*

పాటకి గుండెకాయ ఇదే, ఎక్కువ టైము ఇక్కడ పెట్టు. ‘రాయిలా’ కోసుగా, మూలలు పదునుగా. మొదటి ‘మెత్తబడె’లో మూలలు నెమ్మదిగా గుండ్రమవుతాయి, త కింది ఒత్తు 30 ఫ్రేముల్లో 12 పిక్సెళ్లు కిందికి జారుతుంది. ఆ పక్కనే సొన మరక ఒకటి, నల్లగా. మా మామ ముంజేతి మీదిది ఫోటో తీసి పెట్టుకున్నా, పంపిస్తా, దాన్నే ట్రేస్ చెయ్. రెండో ‘మెత్తబడె’కి ఏ ఎఫెక్టూ లేదు. మందం 500 నుంచి 300కి తగ్గుతుంది, అంతే. అదే జారుడు మళ్లీ వేస్తే జోకయిపోతుంది. 1:10 నుంచి చివరి రెండు పంక్తులు మళ్లీ వస్తాయి, అప్పుడు తెర మీద ‘నాయన’ ఒక్కటే ఉంచు.

1:20–1:50 పల్లవి, పిల్లనగ్రోవి. ముందుది కాపీ చేసుకుని, అన్ని రంగులూ పది శాతం తగ్గించు.

1:50–2:10, రెండో చరణం

1:50 *అమ్మ ఫోను చేసె, తింటివా అని*
1:55 *తింటి అనె నాయన, నీళ్లు తాగి*
2:00 *రేటెంత అని అమ్మ అడగలే*
2:05 *ఇంతని నాయన చెప్పలే*

అమ్మ మాటలు ఎడమ, ఫోను వెలుతురు రంగు #C9D6DF. నాయనవి కుడి. ‘నీళ్లు తాగి’ ఒక బీట్ ఆలస్యంగా, కింద, చదవాలంటే ముందుకు వంగాల్సినంత చిన్నగా. చివరి పంక్తిలో ‘ఇంతని’ పక్కన నాలుగంకెలంత ఖాళీ వదిలెయ్. అంకె మాత్రం వేయొద్దు. నిర్మాత అడిగితే నా పేరు చెప్పు.

2:10–2:15 రెండు బార్లు నిశ్శబ్దం. ఖాళీ తెర. ఎవరన్నా ఏమన్నా పెట్టమంటే పెట్టొద్దు.

2:15–2:40. 2:15 *తెల్లారె తెల్లారె, తెల్లగా తెల్లారె*. నేపథ్యం రాత్రి నుంచి #B9B4AE దాకా, పూర్తి 5 సెకన్లలో. గులాబీ రంగు సూర్యోదయం కాదు, మబ్బు పట్టిన పొద్దు. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎవరూ ఆర్పరు. 2:20 *గేటు తెరిచిరి సామీ, గేటు తెరిచిరి*: ‘గేటు’ వెడల్పు 125 నుంచి 75కి ముడుచుకుంటుంది. 2:25 *ముందర బండి కదిలె, ఎనక బండి కదిలె*: ఇక్కడా కదలిక వద్దు, మసక దుమ్ము చాలు.

2:30 *మా నాయన బండి కదిలె, ఒక్క బారెడు*. ‘బారెడు’ మీద మొత్తం పంక్తి కుడికి 180 పిక్సెళ్లు. బ్రేకు వేసినట్టు 4 ఫ్రేములు ముందుకు ఊగి ఆగాల. 2:35 దాకా అలాగే. ఆ తర్వాత పేర్లు, చిన్న అక్షరాల్లో, అదే రంగు మీద.

ముందు మొదటి చరణం ఒక్కటే చేసి, గురువారం లోపు ఫోనులో చూసుకునే సైజులో పంపించు. ఒత్తు జారే చోటు నేను చూశాకే మిగతాది మొదలుపెట్టు.