నాన్న తీసిన ఫొటో

"సింహాచలం మెట్ల మీద తీసిందే ఫ్రేమ్ కట్టిద్దాంరా. పట్టుచీరలో అమ్మ ఎంత బాగుందో!" అంది అక్క.

"అందులో అమ్మ నవ్వడం లేదక్కా. ఇది చూడు."

తమ్ముడు ఆర్కే బీచ్ ఫొటో ముందుకు జరిపాడు. తడిసిన కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అలను చూసి పకపకా నవ్వుతున్న అమ్మ. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి, ఫొటో ఓ మూల మరక పడింది.

"అరవయ్యో పుట్టినరోజుకి మరకల ఫొటో ఇస్తావా?"

"ఇస్తాను. అది నాన్న తీసింది."

అక్క మాట్లాడలేదు. ఫొటోని కిటికీ వెలుగులోకి తిప్పింది. మరక పక్కనే, తడి ఇసుక మీద, కెమెరా పట్టుకున్న నాన్న నీడ.

"జగదాంబ దగ్గర షాపు ఎన్నింటికి మూస్తార్రా?" అంటూ చెప్పులేసుకుంది. "ఆ అంచు మాత్రం కత్తిరించొద్దని చెప్పాలి."